సన్న అటుకులా, లావు అటుకులా?



కొట్టుకు వెళ్లి "అరకిలో అటుకులివ్వండి" అంటే, కొట్టు అబ్బాయి "సన్నవా అమ్మా, లావువా?" అని అడుగుతాడు. "ఏవో ఒకటి ఇవ్వు బాబూ" అని తెచ్చుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. తీరా ఇంటికి తెచ్చి ఉప్మా చేస్తే అది గరిటెకు అంటుకుని ముద్దయిపోతుంది. లేదంటే పంటి కింద గట్టిగా తగులుతుంది. అప్పుడు పోపునో, పొయ్యినో తప్పు పడతాం. తప్పు చాలాసార్లు పోపులో ఉండదు. కొట్టులో ఆ ఒక్క మాటకు జవాబు చెప్పకపోవడం దగ్గరే మొదలవుతుంది. అందుకని ఈ నెల ఈ పేజీలో అటుకుల గురించి, వాటి అక్కచెల్లెళ్లయిన మరమరాల గురించి కొంచెం తీరికగా మాట్లాడుకుందాం.

మరమరాలంటే కోస్తా జిల్లాలవారికి వెంటనే తెలుస్తుంది. రాయలసీమ సోదరీమణులు వాటినే బొరుగులంటారు. విశాఖపట్నం వైపు మురీలంటారు, తెలంగాణలో మురమురాలంటారు. పేరు ఏదైనా వస్తువు ఒక్కటే. ఈ పేజీలో మేము బొరుగులు అనే మాటే వాడుతున్నాం, తక్కినవారు తమ ఊరి మాట పెట్టుకుని చదువుకోండి.

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. అటుకులు పచ్చి సరుకు కాదు. వడ్లను నీళ్లలో బాగా నానబెట్టి, తీసి, వేడి పెనం మీదనో వేడి ఇసుకలోనో వేయించి, ఆ వేడి మీదనే దంచితే అటుకులవుతాయి. పూర్వం మన అమ్మమ్మలు రోట్లో వేసి ఇద్దరు ముగ్గురు కలిసి రోకళ్లతో దంచేవారు, ఇప్పుడు మిల్లులో యంత్రం అణచివేస్తుంది. ఎలా చేసినా, నానిన గింజకు ఆ వేడి తగిలినప్పుడే లోపల బియ్యం ఉడికిపోతుంది. తరువాత ఆరిపోతుంది. అంటే మన చేతికి వచ్చే అటుకులు ఒకసారి ఉడికి ఎండిన అన్నం వంటివే. వాటిని మనం మళ్లీ ఉడికించనక్కర లేదు. పోయిన నీటిని తిరిగి ఇస్తే చాలు. ఎంత నీరు, ఎంతసేపు అన్నదే ఇక్కడ వంట.

ఎక్కువ అణచినవి సన్న అటుకులు. కాగితంలా ఉంటాయి కనుక కొన్నిచోట్ల పేపరు అటుకులని కూడా అంటారు. తక్కువ అణచినవి లావు అటుకులు, తెలంగాణలో దొడ్డు అటుకులు. నీరు అంచుల నుంచి, పై నుంచి లోపలికి దిగాలి కదా. సన్నదానికి దిగవలసిన దూరం ఏమీ లేదు, తడి తగలగానే మెత్తబడిపోతుంది. లావుదానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సన్నవాటిని లావువాటిలా నానబెడితే ముద్ద అవుతుంది, లావువాటిని సన్నవాటిలా నీళ్లు చల్లి వదిలితే నడుమ గట్టిగా మిగులుతుంది. ఉప్మాలో వచ్చే రెండు చిక్కులూ ఇవే.

బొరుగుల కథ వేరు. ఉప్పుడు బియ్యానికి ఉప్పునీరు పట్టించి, ఆరబెట్టి, బాగా కాలిన ఇసుకలో వేస్తారు. గింజలో దాగి ఉన్న కాస్త తేమ ఒక్కసారిగా ఆవిరై గింజను ఉబ్బిస్తుంది. అందుచేత బొరుగు లోపల అంతా గాలి గదులే. నీటిలో వేస్తే ఆ గదులన్నీ ఒక్కసారే నిండుతాయి. అటుకులకు నిమిషాలు లెక్కపెట్టాలి, బొరుగులకు క్షణాలు లెక్కపెట్టాలి.

ఇక కొనేటప్పుడు చూడవలసినవి. ఒక అటుకును వెలుగుకు ఎత్తి పట్టండి. అవతల వెలుగు కనిపిస్తే సన్నరకం. తెల్లగా వెలుగును ఆపేస్తే లావురకం. ఎర్ర బియ్యపు అటుకులు కూడా అక్కడక్కడా దొరుకుతాయి, అవి లావుగా ఉంటే తెల్లవాటికన్నా ఎక్కువసేపు నానాలి. తరువాత సంచి అడుగు చూడండి. అడుగున పొడి, నూక ఎక్కువగా చేరి ఉంటే ఆ సంచి వద్దనండి. నీళ్లలో వేయగానే మొదట జిగురయ్యేది ఆ పొడే, మంచి అటుకులను కూడా ఒకదానికొకటి అంటించేది అదే. చివరగా ఒకటి నోట్లో వేసుకోండి. పాత నూనె వాసనగాని, చేదుగాని తగిలితే అవి చాలాకాలం నిలవ ఉన్నవి. అటుకులకు తవుడు కొంత అంటి ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది, ఆ నూనె కనరెక్కుతుంది. చవకగా వస్తున్నాయని ఏడాదికి సరిపడా కొనడం అందుకే మంచిది కాదు. నెలకో, రెండు నెలలకో సరిపడా కొనుక్కోవడం మేలు.

ఉప్మాకు, పులిహోరకు, పెరుగులో కలుపుకోవడానికి లావు అటుకులు తీసుకోండి. పొడిగా వేయించే మిక్చరుకు, బెల్లం కొబ్బరి కలిపి అప్పటికప్పుడు పిల్లలకు పెట్టడానికి సన్నవి తీసుకోండి. నూనెలో వేసి పొంగించాలంటే మాత్రం మళ్లీ లావువే కావాలి, సన్నవి నూనెలో మాడిపోతాయి.

సన్న అటుకులను నీళ్లలో ముంచకండి. చాటలో చెరిగి, జల్లెడ పట్టి, వెడల్పు పళ్లెంలో పరచి, చేతితో నీళ్లు చిలకరించి పైకీ కిందికీ ఒకసారి తిప్పితే సరిపోతుంది. బెల్లం తురుము, పచ్చికొబ్బరి కలిపేటట్లయితే నీళ్లు ఇంకా తగ్గించండి. బెల్లం కరిగి, కొబ్బరిలో పాలు ఊరి, ఆ తడితోనే చాలావరకు మెత్తబడతాయి.

లావు అటుకుల సంగతి వివరంగా చెప్పాలి. "ఇంట్లో నలుగురికి చేస్తే బాగానే వస్తుంది, గృహకూడికకు చేస్తే ఎందుకో ముద్దవుతుంది" అని ఒక సోదరి అడిగారు. ఆమె అడిగినది చాలామందికి ఎదురయ్యే చిక్కే కనుక, నలభైమందికి సాయంత్రం ఉప్మా చేయడమే లెక్కగా తీసుకుందాం.

ఫలహారంగా మనిషికి 75 గ్రాముల పొడి అటుకులు సరిపోతాయి. నలభైమందికి 3 కిలోలు. రాత్రి భోజనానికి బదులు ఇదే పెడుతున్నట్లయితే 4 కిలోలు తీసుకోవాలి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ 3 కిలోలను ఒకే గుండిగలో పోసి నీళ్లు పోస్తారు. పైవి కడిగేలోగా అడుగువి నానిపోతాయి. పైన ఉన్న వాటి బరువంతా ఆ మెత్తబడిన వాటి మీద పడుతుంది. నీరు వంచేసినా అడుగున కొంత నిలిచిపోతుంది. చేయి పెట్టి కలిపేసరికి అడుగుభాగం పిండి, పైభాగం గట్టి. ఇంట్లో పావుకిలో చేసినప్పుడు ఈ బరువు లేదు, అందుకే అక్కడ బాగా వచ్చింది.

కనుక అరకిలో చొప్పున ఆరుసార్లుగా కడగండి. ముందు మొత్తాన్ని జల్లెడ పట్టి పొడి తీసేయండి. కడగడం మొదలుపెట్టే ముందు ఒక్క పిడికెడు అటుకులను విడిగా నానబెట్టి చూడండి. ఒక్కొక్క మిల్లు సరుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది గనుక మేము చెప్పే నిమిషాలకన్నా ఆ పిడికెడు చెప్పేదే నమ్మదగినది. పెద్ద బేసిన్ నిండా నీళ్లు తీసుకుని అరకిలో అటుకులు వేసి, అరచేతులతో మెల్లగా ఒకసారి తిప్పండి, పిసకవద్దు. పైకి తేలిన ఊకను, దుమ్మును వంచేయండి. రెండో నీళ్లు పోసి రెండు నిమిషాలు ఉంచండి. తరువాత చిల్లుల గిన్నెలోకో, వెదురుబుట్టలోకో తీసి నీరు కారనివ్వండి. నీరు కారడం ఆగాక వెడల్పు పళ్లెంలోకో, శుభ్రమైన గుడ్డ మీదకో పలుచగా పరచి పది నిమిషాలు వదిలేయండి.

ఈ పది నిమిషాలూ చాలా అవసరం. బుట్టలోంచి తీసినప్పుడు అటుకు పైభాగం తడిగా, నడుమ ఇంకా గట్టిగా ఉంటుంది. పరచి వదిలినప్పుడు పైనున్న తడి నెమ్మదిగా లోపలికి దిగుతుంది. పైన పొడిబారుతుంది, లోపల మెత్తబడుతుంది. నీళ్లలోనే ఎక్కువసేపు ఉంచితే లోపల మెత్తబడేలోగా పైభాగం కరిగి జిగురవుతుంది. పదును ఎలా తెలుసుకోవాలంటే, ఒక అటుకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. నడుమ పలుకు తగలకుండా పూర్తిగా నలగాలి. నొక్కకముందు మాత్రం విరగకుండా నిండుగా నిలబడి ఉండాలి. పలుకు తగిలితే కాసిన్ని నీళ్లు చిలకరించి మరో ఐదు నిమిషాలు ఆగండి.

ఉప్పు, పసుపు అటుకులు పరచి ఉన్నప్పుడే చల్లి కలపండి. పోపులో వేస్తే కొన్ని పచ్చగా, కొన్ని తెల్లగా మిగులుతాయి. వాటిని సరిచేయాలని ఎక్కువగా కలుపుతాం, ఎక్కువ కలపడంతో విరిగి ముద్దవుతాయి. 3 కిలోలకు ఉప్పు సుమారు 90 గ్రాములు పడుతుంది. ముందు ముప్పాతిక వంతు వేసి, చివర రుచి చూసి మిగిలినది వేయండి.

ఇద్దరు సోదరీమణులు కడుగుతుంటే ఆరుసార్లకు ముప్పావుగంట పడుతుంది. మొదట కడిగినవి అంతసేపు ఆగినా చెడిపోవు, పైన పలుచటి గుడ్డ కప్పి ఉంచితే చాలు. మూత మాత్రం పెట్టకండి. ఆరున్నరకు వడ్డన అనుకుంటే ఐదింటికి నీళ్లలో చేయి పెట్టండి. మధ్యాహ్నమే తడిపి పెట్టుకుందామనే తొందర వద్దు, ఎండాకాలంలో తడి అటుకులు త్వరగా పులిసిపోతాయి.

కడుగుతున్న సమయంలోనే మూడోవారు పోపు చూసుకోవచ్చు. నూనె సుమారు 400 గ్రాములు. వేరుశనగపప్పు 400 గ్రాములు ముందుగా వేయించి తీసి పక్కన ఉంచండి, దానిని వడ్డించే ముందు కలిపితేనే కరకరలాడుతుంది. అదే నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆపైన కిలోన్నర ఉల్లిపాయ ముక్కలు. ఉల్లిపాయలో చాలా నీరుంటుంది. ఆ నీరు ఇగిరి, ముక్కలు మెత్తబడి నూనె తేలేవరకు ఆగాలి. పచ్చిగా ఉండగానే అటుకులు వేస్తే ఆ నీరంతా అటుకులు తాగేస్తాయి. జాగ్రత్తగా నానబెట్టి తెచ్చిన పదును అక్కడ పోతుంది. టమాటా వేసే అలవాటు ఉన్నవారు ఈ మాటను మరింతగా గుర్తు పెట్టుకోవాలి.

ఒకే పెద్ద గుండిగలో కాకుండా రెండు మూకుళ్లలో సగం సగం చేయండి. అటుకులు వేశాక వెడల్పు గరిటెతో అడుగునుంచి పైకి తిరగేయండి, గుండ్రంగా కలపవద్దు. సన్నటి సెగ మీద మూడు నిమిషాలు మూతపెట్టి దించేయండి. పన్నెండు నిమ్మకాయల రసం దించిన తరువాతే పిండాలి, పొయ్యి మీద పిండితే చేదెక్కుతుంది. ఐదు నిమిషాలు కదపకుండా వదిలితే అటుకులు విడివిడిగా నిలబడతాయి. కూడిక ముగిసేవరకు ఉంచవలసి వస్తే మూతకు అడుగున ఒక పొడిగుడ్డ పరచండి. లేకపోతే ఆవిరి మూతకు తగిలి నీటిబొట్లై పైనున్న అటుకుల మీద రాలుతుంది. పెళ్లిళ్లలో పులిహోర గుండిగ మీద వంటవారు గుడ్డ కప్పడం మీరు చూసే ఉంటారు, కారణం అదే.

ఇంత చేసినా ఒక వాయి ఎక్కువగా నానిపోయిందనుకోండి. దానిని మంచివాటిలో కలపవద్దు. పెరుగు, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి కలిపి పైన పోపు పెడితే పళ్లు లేని పెద్దవాళ్లకు చక్కని ఆహారమవుతుంది. ఆ రోజు మెత్తగా అయినందుకు సంతోషించేవారు కూడా ఇంట్లో ఉంటారు! ఉప్మా గట్టిగా వచ్చినట్లయితే పావుగ్లాసు వేడినీళ్లు చుట్టూ చిలకరించి మూతపెట్టి రెండు నిమిషాలు సెగ చూపండి. చల్లటి నీళ్లు చల్లితే పైనే తడిసి లోపల అలాగే ఉంటుంది.

ఇక బొరుగులు. వీటిని మెత్తగా చేసుకునే వంటలో పేరున్నది ఉగ్గాని. కర్నూలు, అనంతపురం ఇళ్లలో పొద్దున్నే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ ఉంటే ఇంకేమీ అడగరు. తక్కిన జిల్లాల సోదరీమణులు ప్రయత్నించి "మావి నీళ్లలో కరిగిపోయాయి" అంటారు. అందుకు కారణాలు రెండు. ఒకటి, బొరుగు రకం. చేతిలో బరువే తెలియనంత గుల్లగా ఉబ్బినవి మిక్చరుకు బాగుంటాయి గాని నీటికి నిలవవు. ఉగ్గానికి కొంచెం గట్టిగా, గింజ ఆకారం నిలిచి ఉన్నవి కావాలి. రెండు, నీళ్లలో ఉంచిన సేపు.

నలుగురికి 200 గ్రాముల బొరుగులు తీసుకోండి. చూడడానికి పెద్ద గిన్నెడు ఉంటాయి, అయ్యో ఎక్కువైపోయాయే అనిపిస్తుంది. తడిపి పిండితే సగానికన్నా తక్కువకు దిగిపోతాయి. పోపు ముందే సిద్ధంగా ఉంచుకోండి. అటుకుల విషయంలో కడగడం ముందు, పోపు తరువాత. ఇక్కడ పోపు ముందు, తడపడం తరువాత. తడిసిన బొరుగు ఎవరికోసమూ ఆగదు.

వెడల్పు గిన్నె నిండా నీళ్లు పోసి, బొరుగులు వేసి, రెండు చేతులతో ఒకసారి నీటిలోకి అదిమి వెంటనే పైనుంచి తీయండి. గిన్నెను బుట్టలోకి వంచకండి. బొరుగులు ఇసుకలో వేగినవి గనుక ఎంతో కొంత ఇసుక అంటి ఉంటుంది. బొరుగులు తేలతాయి, ఇసుక అడుగుకు చేరుతుంది. పైనుంచి చేత్తో తీస్తే ఇసుక గిన్నెలోనే మిగిలిపోతుంది, వంచితే మళ్లీ బొరుగుల మీదకే వస్తుంది. తీసిన బొరుగులను రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నొక్కి నీరు తీయండి. పిడికిట్లో పెట్టి గట్టిగా పిండితే ఉండలవుతాయి. ఉండలు కట్టినవి పోపులో విడిపోవు.

పోపు మామూలే, ఆవాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, టమాటా, పసుపు. టమాటాలో నీరు పూర్తిగా ఇగిరాక బొరుగులు వేసి, సన్నసెగ మీద రెండు నిమిషాలు తిప్పి దించండి. బొరుగులకు ఉప్పు పట్టించి ఉంటుంది, కడగడంలో కొంత పోతుంది, కొంత మిగులుతుంది. అందుచేత రుచి చూశాకే ఉప్పు వేయండి. చివరగా పుట్నాల పొడి మూడు నాలుగు చెంచాలు చల్లండి. అది రుచికోసమే అనుకుంటారు గాని దానికి ఇంకో పని ఉంది. బొరుగుల పైన మిగిలిపోయిన తడిని ఆ పొడి పీల్చుకుంటుంది, బొరుగులు విడివిడిగా నిలుస్తాయి. నీళ్లు కొంచెం ఎక్కువయ్యాయని అనిపించిన రోజు పొడి ఒక చెంచా ఎక్కువ వేయండి.

ఇంతవరకు మెత్తబరచడం చూశాం. ఇప్పుడు కరకరలాడించడం. ఇక్కడ నీరు శత్రువు, ఆ శత్రువు వచ్చే దారులన్నీ మూయడమే పని.

సన్న అటుకుల మిక్చరుకు అటుకులను కడగరు. చెరిగి, జల్లించి, మధ్యాహ్నపు ఎండలో పలుచటి గుడ్డ కప్పి రెండు గంటలు ఉంచాలి. వానాకాలమైతే ఎండకు బదులు మూకుడు. అరకిలోను రెండు వాయిలుగా, నూనె లేకుండా, సన్నసెగ మీద ఐదారు నిమిషాలు వేయించండి. గరిటె పెట్టి పొడిస్తే నుగ్గవుతాయి, గుడ్డతో మూకుడు పట్టుకుని కుదుపుతూ ఉంటే మంచిది. కొన్ని చేతిలోకి తీసుకుని, చల్లారాక పిడికిలి బిగించండి. గలగల విరిగి పొడైతే సరిపోయినట్టు. వంగి ముడుచుకుంటే ఇంకా తేమ ఉంది. వేడిగా ఉండగా చూస్తే ఈ పరీక్ష చెల్లదు, చల్లారాకే కరకర తెలుస్తుంది.

మిక్చరు మూడో రోజుకే మెత్తబడిందంటే సాధారణంగా తప్పు అటుకులది కాదు, వాటితోపాటు వేసిన వాటిది. కరివేపాకు, వెల్లుల్లి, కొబ్బరి ముక్కలు, ఈ మూడింటిలోనూ నీరు దాగి ఉంటుంది. కరివేపాకు వేలితో నలిపితే పొడి అయ్యేవరకు, వెల్లుల్లి బంగారు రంగు వచ్చేవరకు వేయించాలి. కొబ్బరి ఎండుదే వాడాలి. అరకిలోకు నూనె 100 గ్రాములు చాలు. పసుపు, కారం పొయ్యి దించాక వేసి, మెత్తని పొడి ఉప్పు కలపండి, గల్లుప్పు అటుకులకు పట్టక డబ్బా అడుగుకు చేరుతుంది. అన్నీ కలిపి పళ్లెంలో పరచి గంటసేపు పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉండగానే మూత బిగిస్తే లోపలి ఆవిరి రాత్రికి నీరై మిక్చరు మీదకే దిగుతుంది. పొద్దున మూత అడుగున చెమ్మ కనిపిస్తే అదే జరిగిందన్నమాట. వెంటనే మళ్లీ పరచి, సన్నసెగ మీద వెచ్చబెట్టి, చల్లార్చి పోయండి.

బొరుగులు మెత్తబడినా అంతే, మూకుడులో మూడు నాలుగు నిమిషాలు వెచ్చబెడితే తిరిగి కరకరలాడతాయి. ఉప్పు గాలిలో తేమను లాగుతుంది కనుక ఉప్పు బొరుగులు చప్పటివాటికన్నా ముందు మెత్తబడతాయి. నిలవకు చప్పటివి కొనుక్కోండి. ఉల్లిపాయ, టమాటా వేసి కలిపే బొరుగులకు ముందుగా కాస్త నూనె పట్టించండి, ఆ నూనె తడిని కొంచెంసేపు ఆపుతుంది. తరువాత పొడులు, చిట్టచివర ఉల్లి, నిమ్మరసం వేయండి. పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చున్నాకే కలపండి. ఎంత బాగా కలిపినా ఐదు నిమిషాలకు మించి ఆ కరకర నిలవదు. నాలుగేళ్ల లోపు పసివాళ్లకు అందులో వేరుశనగ గింజలు పెట్టకండి, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

వానాకాలంలో నిలవ గురించి ఒక ముఖ్యమైన మాట. ఒకే పెద్ద డబ్బాలో పోసి రోజుకు నాలుగుసార్లు తెరిచే బదులు, మూత బిగువుగా ఉండే రెండు డబ్బాల్లో పోసి, ఒకటి అయిపోయాకే రెండోది తెరవండి. తడిచేయి పెట్టవద్దు. పిల్లలు చేయి పెట్టకుండా ఉంటారా అంటే ఉండరు, అందుకే డబ్బాలో ఒక పొడి గ్లాసు ఉంచండి. డబ్బాను మట్టినేల మీద కాకుండా పీట మీదకో, అలమరలోకో ఎత్తండి.

పురుగు ఒకటి రెండు కనిపిస్తే జల్లించి, ఎండబెట్టి వాడుకోవచ్చు. గింజలు దారాలతో గూడు కట్టినట్టు అంటుకుని ఉంటే మాత్రం ఆ సరుకు పారవేయండి. అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసినది బూజు. మూత తీయగానే ముక్కవాసన, అక్కడక్కడ పచ్చని లేక నల్లని మచ్చలు, ఉండలు కట్టడం, వీటిలో ఏది కనిపించినా కడిగి వాడదామని అనుకోవద్దు. కొన్ని బూజులు విడిచే విషం నీళ్లతో పోదు, వేయించినా పోదు, నూనెలో వేసినా పోదు. పైపైన మంచివి ఏరుకోవడం కూడా మంచిది కాదు, కంటికి కనబడని చోటికి కూడా అది పాకి ఉంటుంది. "మనం తినకపోతే కోళ్లకైనా వేద్దాం" అంటుంది అత్తగారు. కోళ్లకూ, పశువులకూ కూడా అది హానే. గొయ్యి తీసి పూడ్చేయమని చెప్పండి. కష్టపడి కొన్న సరుకు పారవేయడానికి చేయి రాదు, నిజమే. కాని మందుల షాపులో పెట్టే డబ్బుతో పోలిస్తే అది చిన్న నష్టం.

ఈ భయం లేకుండా, శుభ్రంగా ఉండి డబ్బా అడుగున మిగిలిన పొడి, నూక ఉన్నాయనుకోండి. అవి ఉప్మాకు పనికిరావు, జిగురు చేస్తాయి. గుప్పెడు తీసి పావుగంట నానబెట్టి, దోసెల పప్పు రుబ్బేటప్పుడు చివరి తిప్పులో వేయండి. దోసె మెత్తగా వస్తుంది. ఖాళీ అయిన డబ్బాను కడిగి, బోర్లించి, ఒకరోజు ఎండలో పెట్టాకే కొత్త అటుకులు పోయండి.